షూ లేసు ఎక్కడ కట్టుకోవాలి?

పెద్ద విమానాశ్రయాల్లో నేలకు సమంగా కదిలే బెల్టు ఉంటుంది, ట్రావలేటర్ అంటారు. దాని పొడవు 60 మీటర్లు అనుకుందాం. ఎక్కి ఊరకే నిలబడితే అవతలి చివరకు చేరడానికి 120 సెకన్లు పడుతుంది. పక్కన నేలమీద నడిచివెళ్తే 60 సెకన్లు. మరి బెల్టు ఎక్కి నడిస్తే?

పోటీ పరీక్షల్లో పడవలు, ప్రవాహాల లెక్కల పక్కనే కనిపించే ప్రశ్న ఇది. తొందరపడిన వాళ్లు రెండు కాలాల సగటు తీసి 90 అనేస్తారు. ఉత్తి నడకకే 60 చాలినప్పుడు, బెల్టు కూడా తోడైతే ఎక్కువ సమయం ఎందుకు పడుతుంది? జవాబు 60 కంటే తక్కువే ఉండాలి. ఇక్కడ కలిసేవి కాలాలు కావు, వేగాలు. బెల్టు సెకనుకు అర మీటరు లాక్కెళ్తుంది, కాళ్లు ఒక మీటరు నడుస్తాయి. మొత్తం ఒకటిన్నర మీటరు. 60ని ఒకటిన్నరతో భాగిస్తే 40 సెకన్లు. పొడవు ఇవ్వకపోయినా ఇబ్బంది లేదు: సెకనుకు బెల్టు దారిలో 120వ వంతు, మనిషి 60వ వంతు దాటుతారు. కలిపితే 40వ వంతు.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: బెల్టు మీద కూడా నడక వేగం తగ్గకూడదు. అసలు ట్రావలేటర్ ఎక్కగానే చాలామంది కాళ్లు బద్ధకిస్తాయి. నడక సగానికి పడిపోతే మొత్తం వేగం మళ్లీ సెకనుకు ఒక మీటరే. పక్కన నేలమీద వెళ్లేవాడితో సమానంగా చేరతారు, అంతే! ఎస్కలేటర్ మీదైతే పైకెక్కే ఆయాసం కూడా తోడవుతుంది కాబట్టి నేలమీది నడక వేగాన్ని తెచ్చి అక్కడ కలపకూడదు.

గణిత శాస్త్రజ్ఞుడు టెరెన్స్ టావ్ 2008లో ఇదే విషయం మీద ఒక చక్కని చిక్కుప్రశ్న వేశారు. గేటుకు వెళ్లే దారిలో కొంత నేల, కొంత బెల్టు. షూ లేసు ఊడింది, కట్టుకోక తప్పదు. ఎక్కడ ఆగాలి? ఎక్కడైనా ఒకటేలే అనిపిస్తుంది. కాదు.

మన బెల్టుకు ముందు 60 మీటర్ల నేల, లేసుకు 20 సెకన్లు అనుకోండి. నేలమీదే కట్టుకుంటే 20, నడక 60, బెల్టు 40, వెరసి 120 సెకన్లు. బెల్టు మీద కట్టుకుంటే ఆ 20 సెకన్లలో అది 10 మీటర్లు మోసుకెళ్తుంది. మిగిలిన 50 మీటర్లకు సుమారు 33 సెకన్లు. నేలమీది 60 కలిపితే మొత్తం 113. ఏడు సెకన్లు మిగిలినట్టే. బెల్టు మీద ఎంత ఎక్కువసేపు ఉంటే దాని మోత అంత ఎక్కువ దక్కుతుంది.

అందుకే కాసేపు పరుగెత్తే ఓపికే ఉంటే ఆ పరుగును బెల్టు మీద ఖర్చు పెట్టకండి, నేలమీద పెట్టండి.