టైలర్‌కు, ట్యూషన్ టీచర్‌కు ఒక్క పేజీ చాలు: ఉచితంగా ఎలా చేసుకోవాలి? ఎవరి జీమెయిల్‌తో చేయాలి?

వేములవాడ: మన ఊళ్లో ఒక టైలర్ షాపుకో, ఇంట్లో ట్యూషన్ చెప్పే టీచర్‌కో పెద్ద వెబ్‌సైట్ అక్కర్లేదు. పేరు, చేసే పని, ఫోన్ నంబర్, టైమింగ్స్, ఎక్కడ ఉన్నారో చూపించే మ్యాప్ ఉంటే సరిపోతుంది. ఇంతకుముందు ఈ పని గూగుల్ మ్యాప్స్‌లో షాపు నమోదు చేసుకున్నవాళ్లకు ఒక బటన్‌తోనే అయిపోయేది. చివర business.site అని ఉండే అడ్రస్‌తో ఒక పేజీ దానంతటదే తయారయ్యేది. చాలామంది ఆ అడ్రస్‌ను విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద కూడా వేయించుకున్నారు.

ఆ సదుపాయాన్ని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. జూన్ 10 వరకు పాత అడ్రస్ నొక్కితే షాపు ప్రొఫైల్‌కు వెళ్లేది. ఆ తర్వాత అదీ లేదు. పాత కార్డు చూసి ఎవరైనా ఆ అడ్రస్ కొడితే ఇప్పుడు పేజీ దొరకలేదనే వస్తుంది. మీ కార్డు మీద business.site అని ఉంటే ముందు దాన్ని మార్చండి. మ్యాప్స్‌లో ఉన్న షాపు ప్రొఫైల్ మాత్రం అలాగే ఉంది, అది పోలేదు. పోయింది దానికి తగిలించిన పేజీ ఒక్కటే.

మరి ఇప్పుడు ఏది వాడాలి?

విక్స్, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ లాంటివి ఉచితంగానే మొదలుపెట్టవచ్చు. కానీ ఉచిత ప్లాన్‌లో మీ పేజీ మీద వాళ్ల ప్రకటన కనిపిస్తుంది. అది తీయాలంటే డబ్బు కట్టాలి. ఒక్క పేజీ కోసం ఏటా డబ్బు కట్టే అవసరం లేదనుకునేవాళ్లకు గూగుల్ సైట్స్ సులువైన దారి. ప్రకటనలు ఉండవు, ఖర్చు లేదు. పేజీ అడ్రస్ మాత్రం కాస్త పొడుగ్గా ఉంటుంది. sites.google.com/view/ తర్వాత మీరు పెట్టుకున్న పేరు వస్తుంది.

ఒక చిక్కు ఉంది. ఈ పేజీని ఫోన్‌లో చూడటానికి ఇబ్బంది లేదు గానీ, తయారు చేయడానికి కంప్యూటర్ కావాలి. ఇంట్లో లేకపోతే తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్ మీదో, నెట్ సెంటర్‌లోనో కూర్చోవాలి. అసలు జాగ్రత్త అక్కడే కావాలి. దాని గురించి తర్వాత చెప్తాను.

ఒక ఉదాహరణ చూద్దాం

వేములవాడలో ఇంట్లోనే కుట్టే ఒక లేడీస్ టైలర్ ఆపా ఉన్నారనుకుందాం. బ్లౌజులు, పంజాబీ డ్రెస్సులు కుడతారు, ఫాల్, పీకో చేస్తారు. ఆమె పేజీ ఇలా తయారవుతుంది.

కంప్యూటర్‌లో తన జీమెయిల్‌తో లాగిన్ అయి sites.google.com తెరవాలి. ఖాళీ పేజీ తీసుకుని పైన షాపు పేరు రాయాలి. పేరు కింద ఒక్క లైన్‌లో పని, ఊరు రెండూ రావాలి: "లేడీస్ టైలర్, వేములవాడ 505302". ఆ కింద ఏమేం కుడతారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో, ఏ రోజు సెలవో రాయాలి. కుట్టుకూలి రాయాలనుకుంటే "ఇంత నుంచి మొదలు" అని రాస్తే డిజైన్‌ను బట్టి మాట్లాడుకోవచ్చు.

ఫోన్ నంబర్‌ను అక్షరాల్లోనే టైప్ చేయాలి. చాలామంది విజిటింగ్ కార్డు ఫోటో తీసి పేజీలో పెట్టేసి ఊరుకుంటారు. ఫోటోలో ఉన్న నంబర్‌ను చూసేవాళ్లు మళ్లీ కాగితం మీద రాసుకుని డయల్ చేయాల్సి వస్తుంది. దాంతోపాటు Insert లో ఉన్న Button తీసుకుని "వాట్సాప్ చేయండి" అని పేరు పెట్టి, ఈ లింక్ ఇవ్వాలి. X లు ఉన్నచోట మీ పది అంకెల నంబర్ వేయండి.

```
https://wa.me/91XXXXXXXXXX
```

91 ముందు ప్లస్ గుర్తు పెట్టకూడదు. నంబర్ ముందు సున్నా వద్దు, మధ్యలో ఖాళీ వద్దు. ఇందులో ఏది పెట్టినా బటన్ సరిగా పనిచేయకపోవచ్చు.

మ్యాప్ విషయానికొస్తే, Insert లోనే Map ఉంటుంది. "వేములవాడ" అని వెతికి వదిలేస్తే ఊరి మధ్యలో గుర్తు పడుతుంది, వచ్చినవాళ్లు గుడి దగ్గర నిలబడి ఫోన్ చేస్తారు. షాపు ఉన్నవాళ్లు సరిగ్గా తమ షట్టర్ మీద గుర్తు పెట్టాలి. అయితే ఇంట్లో కుట్టే ఆడవాళ్లు, ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లు ఇంటి గుర్తు అందరికీ చూపించాల్సిన పని లేదు. "ఫలానా స్కూల్ వెనక గల్లీ" అని దగ్గరి గుర్తు రాసి, వాట్సాప్‌లో మాట్లాడిన తర్వాత లొకేషన్ పంపిస్తే సరిపోతుంది. ఇంటి నంబర్ కాకుండా పనికి వేరే సిమ్ పెట్టుకుంటే ఇంకా నయం.

ఆఖరున పైన ఉన్న Publish నొక్కాలి. అడ్రస్‌కు పెట్టే పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, పలకడానికి సులువుగా ఉండాలి. ఎవరు చూడవచ్చు అని అడిగే చోట అందరికీ అని ఉందో లేదో చూసుకోండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి మీకు పేజీ బాగానే కనిపిస్తుంది. బయటివాళ్లకు మాత్రం పర్మిషన్ అడుగుతుంది. అందుకే మీ జీమెయిల్ లేని వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి, వాట్సాప్ బటన్ నొక్కి చూడండి.

పేజీ ఎవరి చేతిలో ఉంది?

నెట్ సెంటర్ వాళ్లో, తెలిసిన కుర్రాడో తన జీమెయిల్‌తోనే పేజీ చేసి ఇచ్చేస్తే ఆ రోజుకు పని అయిపోయినట్టే ఉంటుంది. రేపు నంబర్ మారినా, రోడ్డు వెడల్పులో షాపు వేరేచోటికి పోయినా మార్చడానికి మళ్లీ ఆయన్నే వెతకాలి. ఆయన దుబాయ్ వెళ్లిపోతే మీ పాత నంబర్ అలాగే తిరుగుతుంది. ఇప్పటికే అలా చేయించుకున్నవాళ్లు కనీసం Share లో తమ జీమెయిల్‌ను Editor గా చేర్పించుకోవాలి. అప్పుడు నంబర్ మీరే మార్చుకోవచ్చు. కానీ పేజీ యజమాని మాత్రం ఇంకా ఆయనే, తీసేసే హక్కు ఆయనకే ఉంటుంది. కాబట్టి మీ జీమెయిల్‌తో కొత్తది చేసుకోవడమే మేలు. పని అయ్యాక ఆ కంప్యూటర్ నుంచి లాగౌట్ కావడం మర్చిపోవద్దు.

ఈ పని కోసమే కొత్త జీమెయిల్ తెరిచి, తర్వాత దాని జోలికే పోకపోవడం కూడా ప్రమాదమే. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు, దానితోపాటు అందులోని పేజీ కూడా పోవచ్చు. రోజూ ఫోన్‌లో వాడే జీమెయిల్ అయితే ఈ భయం లేదు.

ఈ పేజీ నుంచి ఏం ఆశించవచ్చు?

పేజీ పెట్టగానే "వేములవాడ టైలర్" అని వెతికినవాళ్లకు మీరే ముందు కనిపిస్తారని అనుకోవద్దు. అలా వెతికినప్పుడు ముందు వచ్చేవి మ్యాప్స్‌లోని షాపు ప్రొఫైళ్లు. అందుకే షాపు ఉన్నవాళ్లు ప్రొఫైల్ కూడా పెట్టుకుని, అందులో వెబ్‌సైట్ అని ఉన్నచోట ఈ పేజీ అడ్రస్ ఇవ్వాలి. ప్రొఫైల్ ధ్రువీకరణకు చాలాసార్లు వీడియో అడుగుతారు. వీధి, బోర్డు, మీరే షట్టర్ తెరవడం ఒకే వీడియోలో రావాలి.

పేజీకి ఉన్న అసలు ఉపయోగం వేరు. సిరిసిల్ల నుంచో కోరుట్ల నుంచో ఎవరైనా ఫోన్ చేసి "ఏమేం కుడతారు, ఎప్పుడు ఉంటారు, ఎక్కడికి రావాలి" అని అడిగితే ప్రతిసారీ అంతా చెప్పకుండా ఒక్క లింక్ పంపిస్తే చాలు. టైమింగ్ మారితే ఒక్కచోట మార్చితే పాత లింక్ ఉన్నవాళ్లందరికీ కొత్తదే కనిపిస్తుంది. మార్చిన ప్రతిసారీ మళ్లీ Publish నొక్కాలి, లేకపోతే బయటివాళ్లకు పాతదే కనిపిస్తూ ఉంటుంది.