నాలుగు మూడెందుకైంది?

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అప్రైజల్ లెటర్లు వచ్చే రోజుల్లో జరిగే మాటే ఇది. ఒక మేనేజర్ తన టీమ్‌లోని టెస్టర్‌కి అయిదుకి నాలుగు రేటింగ్ వేశాడనుకుందాం. లెటర్లో మూడొచ్చింది. “ఎందుకు తగ్గింది సార్?” అని ఆమె అడిగితే, “నేను నాలుగే ఇచ్చానమ్మా, పైవాళ్ళు తగ్గించారు” అంటాడు. అబద్ధం కాదు. కానీ ఆమెకి తెలిసిందీ ఏమీ లేదు.

మధ్యలో జరిగింది క్యాలిబ్రేషన్. ఒక మేనేజర్ రేటింగులు ధారాళంగా ఇస్తాడు, ఇంకొకరు ఆచితూచి ఇస్తారు. ఒకే గ్రేడ్‌లో ఉన్నవాళ్ళని ఒకే కొలతతో చూశారా అని పై మేనేజర్లు, హెచ్ఆర్ కూర్చుని పేరుపేరునా సరిచూస్తారు. టీమ్‌ని నేరుగా నడిపే మేనేజర్ చాలాచోట్ల ఆ గదిలో ఉండడు. అతనికి చేరేది ఎక్సెల్ షీట్లో ఒక అంకె. దాని వెనకున్న కారణం మాత్రం ఆ గదిలోనే ఉండిపోతుంది.

అందుకే రేటింగ్ మారిన క్షణంలోనే, ఆ పేరు పక్కన ఒక వాక్యం రాయాలి. రెండు వారాలు పోతే ఎవరికీ గుర్తుండదు. “తోటివాళ్ళకంటే తక్కువ” అని రాస్తే మేనేజర్‌కి పనికిరాదు. “ఈ గ్రేడ్‌లో నాలుగు రావాలంటే పని సొంత టీమ్ దాటి ఇతర టీమ్‌లకీ ఉపయోగపడాలి, ఈమె పని టీమ్‌లోపలే ఉంది” అని రాస్తే పనికొస్తుంది. అందులో ఇంకొకరి పేరు లేదు, గదిలో ఎవరేమన్నారో లేదు. మేనేజర్ ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పగల మాట.

కొన్నిసార్లు అసలు కారణం పనిలో ఉండదు. నాలుగులు ఇంతమందికే అని కంపెనీ పరిమితి పెట్టి ఉంటుంది. అప్పుడు షీట్లో ఆ మాటే రాయాలి. రాయకపోతే మేనేజర్ ఏదో ఒక లోపం వెతికి చెబుతాడు: “కమ్యూనికేషన్ మెరుగుపడాలి” అని. లేని లోపాన్ని దిద్దుకోవడానికి ఆ అమ్మాయి ఏడాదంతా తంటాలు పడుతుంది. నన్నడిగితే, రేటింగ్ తగ్గడం కంటే ఇదే పెద్ద అన్యాయం.

షీట్ లెటర్లకి కనీసం మూడు నాలుగు రోజుల ముందు అందాలి. మన మేనేజర్ ఆ వాక్యం చదివి ఆగిపోయాడు. ఆమె రాసిన ఆటోమేషన్ స్క్రిప్టుల్ని ఇంకో రెండు టీమ్‌లు వాడుతున్నాయి. ఆ సంగతి గదిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే రివ్యూలో తను రాయలేదు. ఆ టీమ్‌ల మెయిల్స్ జతచేసి హెచ్ఆర్‌కి పంపితే, లెటర్ ఇంకా వెళ్ళలేదు కాబట్టి మళ్ళీ చూసే వీలుంది. అయినా మూడే మిగిలిందనుకోండి, ఈసారి జవాబు ఉంటుంది: “మీ స్క్రిప్టుల సంగతి నేను మొదట్లో రాయలేదు, తప్పు నాదే. తర్వాత చూపించాను. అవి ఫిబ్రవరిలోనే మొదలయ్యాయి కాబట్టి వచ్చే ఏడాది లెక్కలోకి తీసుకుంటామన్నారు.”