మైనస్ ఒకటి చుట్టూ ఎన్ని చుట్లు?

1920లలో అమెరికాలో దూరపు ఊళ్లకు వెళ్లే ఫోను మాటను దారి పొడవునా యాంప్లిఫయర్లు పెట్టి పెంచేవారు. అన్నిటినీ దాటేసరికి మాట రూపు చెడేది. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. బయటికొచ్చిన సిగ్నల్లో కొంత వెనక్కి తెచ్చి, లోపలికెళ్లే సిగ్నల్ నుంచి తీసేయడమే ఆ ఉపాయం. మాట స్వచ్ఛమైంది గానీ, కొన్ని యాంప్లిఫయర్లు వాటంతటవే కూత పెట్టేవి. ఏవి కూస్తాయో ముందే తేల్చే పద్ధతిని హ్యారీ నైక్విస్ట్ 1932లో ప్రచురించాడు.

అసలు కూత ఎందుకు పుడుతుంది? యాంప్లిఫయర్‌లో ప్రతి దశా అలను కాస్త ఆలస్యం చేస్తుంది. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆ ఆలస్యం 180 డిగ్రీలకు చేరితే అల తలకిందులవుతుంది. తలకిందులైనదాన్ని తీసేస్తే కలిపినట్టే. పైగా తిరిగొచ్చిన అల మొదటి అలంతే ఉంటే, బయటి సిగ్నల్ లేకున్నా అది లూపులో తిరుగుతూనే ఉంటుంది. ఒకటంత పరిమాణం, తలకిందు దిశ. గ్రాఫు మీద అదే మైనస్ ఒకటి బిందువు.

లూపును ఒకచోట విడదీసి, రకరకాల ఫ్రీక్వెన్సీలు పంపి చూడాలి. తిరిగొచ్చిన అల పరిమాణాన్ని మూలబిందువు నుంచి దూరంగా, ఆలస్యాన్ని కోణంగా తీసుకుని చుక్కలు పెట్టాలి. చుక్కలను కలిపిన గీతకు అడ్డ అక్షం అవతల ప్రతిబింబం కూడా గీస్తే వలయం మూసుకుంటుంది.

ఒకేలాంటి మూడు దశలు ఉన్నాయనుకోండి. ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర ప్రతి దశా 60 డిగ్రీలు ఆలస్యం చేసి, అలను సగం చేస్తుంది. మూడూ కలిస్తే 180 డిగ్రీలు, ఎనిమిదో వంతు. లూపు మొత్తం గెయిన్ 4 అయితే గీత అక్షాన్ని -0.5 దగ్గర కోస్తుంది. మైనస్ ఒకటి వలయం బయటే ఉంది, భయం లేదు. గెయిన్ 8 అయితే గీత సరిగ్గా ఆ బిందువు మీదుగా పోతుంది, కూత ఆగదు. 16 అయితే -2 దగ్గర కోస్తుంది. ప్రతిబింబంతో కలిపి వలయం మైనస్ ఒకటిని సవ్యదిశలో రెండుసార్లు చుడుతుంది, కూత పెరుగుతూ పోతుంది.

మరి 180 డిగ్రీల దగ్గర పరిమాణం ఒకటి దాటిందో లేదో చూస్తే చాలదా? చాలదు. కొన్ని గీతలు మైనస్ ఒకటికి ఎడమగా అక్షాన్ని ఒకసారి ఒకవైపు, ఇంకోసారి ఎదురువైపు దాటుతాయి. రెండు చుట్లూ చెల్లిపోయి సున్నా మిగులుతుంది, లూపు నిలకడగా ఉంటుంది. అలాంటి లూపులో గెయిన్ తగ్గించినా కూత మొదలవ్వచ్చు.

లూపు కలపకముందే అస్థిరమైన వస్తువైతే లెక్క తిరగబడుతుంది. అస్థిరత ఒకటి ఉంటే, అపసవ్యదిశలో ఒక చుట్టు తప్పనిసరి. K/(s−1) అనే సరళమైన ఉదాహరణకు గీత ఒక వృత్తం. K=2 అయితే ఆ వృత్తం -2 నుంచి 0 దాకా పరచుకుని మైనస్ ఒకటిని అపసవ్యంగా ఒకసారి చుడుతుంది, లూపు నిలుస్తుంది. K=0.5 అయితే వృత్తం -0.5 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ చుట్టు లేకపోవడమే ప్రమాదం. అందుకే చుట్లు లెక్కపెట్టే ముందు, విడదీసిన లూపులో ఎన్ని అస్థిరతలున్నాయో తెలిసి ఉండాలి.