ఒక్క ఆవర్తనం చాలు: చతురస్ర తరంగానికి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్

కొంతసేపు 5 వోల్టులు, అంతేసేపు సున్నా, మళ్లీ 5 వోల్టులు. ఇలా ఆగకుండా మారే వోల్టేజీని చతురస్ర తరంగం అంటారు. దీని లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ కావాలంటే సున్నా నుంచి అనంతం దాకా సమాకలనం చేయాలి. తరంగం ఆవర్తనమైనది కాబట్టి ఆ పనంతా ఒక్క ఆవర్తనంలో ముగుస్తుంది.

ఆవర్తన కాలం T అనుకుందాం. అనంతమైన సమాకలనాన్ని T పొడవున్న ముక్కలుగా కోస్తే, రెండో ముక్కలో తరంగం మొదటి ముక్కలాగే ఉంటుంది. అయితే T కాలం ఆలస్యంగా వచ్చింది కాబట్టి దాని విలువ మొదటిదానికి e^(−sT) రెట్లు. మూడోది అంతకు మళ్లీ e^(−sT) రెట్లు. ఇది గుణశ్రేఢి, s ధనాత్మకమైతే దాని మొత్తం పరిమితం:

F(s) = [∫₀ᵀ e^(−st) f(t) dt] / (1 − e^(−sT))

హారాన్ని మరిచిపోతే ఒక్కసారి వచ్చి ఆగిపోయిన పల్స్‌కే జవాబు వస్తుంది.

వోల్టేజీ a కాలం 5, మరో a కాలం సున్నా అయితే T = 2a. విద్యార్థులు తరచు T = a అని పొరబడేది ఇక్కడే. సమాకలనం విలువ 5(1 − e^(−as))/s. హారం 1 − e^(−2as)ను (1 − e^(−as))(1 + e^(−as))గా విడదీస్తే ఒక కారణాంకం కొట్టుకుపోయి

F(s) = 5 / [s(1 + e^(−as))]

మిగులుతుంది. సరిచూసుకోవడం తేలిక. sను సున్నాకు చేరిస్తే sF(s) విలువ 2.5 అవుతుంది, తరంగం సగటు అదే.

ఈ వోల్టేజీని 1 కిలో ఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరుసగా ఉన్న సర్క్యూట్‌కు ఇద్దాం. మొదట కెపాసిటర్ ఖాళీ. RC విలువ 1 మిల్లీసెకను. a కూడా అంతే అనుకుందాం. F(s)ను 1 + RCsతో భాగిస్తే కెపాసిటర్ వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మ్ వస్తుంది. అందులో e^(−as) ఉండటంతో మామూలు పాక్షిక భిన్నాల పద్ధతి సాగదు. 1/(1 + e^(−as))ను తిరిగి 1 − e^(−as) + e^(−2as) − … అని విప్పాలి. ఒక్కో పదం a చొప్పున ఆలస్యమయ్యే ఒక స్విచ్చింగ్: ధన పదం వోల్టేజీని పెడుతుంది, రుణ పదం తీసేస్తుంది. ఏ క్షణంలోనైనా అప్పటిదాకా జరిగిన స్విచ్చింగ్‌లనే కూడాలి కాబట్టి అనంత శ్రేణి చూసి బెదరనక్కర్లేదు.

తొలి మిల్లీసెకను చివర కెపాసిటర్ 3.16 వోల్టులకు చేరుతుంది. తర్వాతి మిల్లీసెకనులో 1.16కు దిగి, మళ్లీ 3.59కి ఎక్కుతుంది. కొన్ని ఆవర్తనాల్లోనే అది 1.34, 3.66 వోల్టుల మధ్య స్థిరంగా ఊగడం మొదలుపెడుతుంది. ఆ రెంటి సగటు కూడా 2.5 వోల్టులే.

సూత్రానికి ఒక షరతుంది: తరంగం t = 0 నుంచే ఆవర్తనంగా ఉండాలి. 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలయ్యే తరంగమైతే, ముందు సూత్రం వాడి, ఆ ఆలస్యానికి తగిన ఘాతాంక గుణకంతో ఫలితాన్ని గుణించాలి.