పొగ అలారం చేసే రెండు తప్పులు

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత మీద ఆధారపడి పనిచేసే పరికరం పొగ అలారం. పైకప్పుకు బిగించిన ఆ చిన్న డబ్బాకు నిప్పు కనిపించదు, వేడి తెలియదు. తన లోపలికి చేరిన గాలిలో పొగ కణాలు ఎంత దట్టంగా ఉన్నాయన్నది మాత్రమే దానికి తెలుస్తుంది. ఆ ఒక్క ఆనవాలును బట్టి మోగాలో, ఊరుకోవాలో అది తేల్చుకోవాలి. అయితే పరుపులో రాజుకుంటున్న నిప్పు నుంచి వచ్చినట్టే, ఎండుమిరపకాయలు వేసిన పోపు నుంచీ పొగ వస్తుంది. పోపు ఘాటుకు అలారం గోల పెట్టడం అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన సంగతే. సామెత చెప్పిన నిప్పు అక్కడా ఉంది, కానీ అది పొయ్యి మీద ఉండాల్సిన నిప్పు.

ఇంట్లో ప్రమాదం ఉండవచ్చు, లేకపోవచ్చు. అలారం మోగవచ్చు, మోగకపోవచ్చు. ప్రమాదం ఉన్నప్పుడు మోగినా, లేనప్పుడు ఊరుకున్నా అది సరైన పనే చేసింది. ప్రమాదం లేకుండా మోగితే అది ఒక తప్పు. ఇల్లు అంటుకుంటున్నా మోగకపోతే మరో తప్పు. గణాంకశాస్త్రంలో మొదటిదాన్ని మొదటి రకం దోషం అనీ, రెండోదాన్ని రెండో రకం దోషం అనీ అంటారు. ఈ విభజనను స్థిరపరిచినవారు పోలండ్ గణితవేత్త యెర్జీ నేమన్, ఇంగ్లండ్‌కు చెందిన ఈగన్ పియర్సన్. 1933లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన వారి వ్యాసం నేటి పరీక్షా పద్ధతులకు పునాది.

ఏది మొదటిది, ఏది రెండోది అన్న దగ్గర విద్యార్థులు తరచూ తడబడతారు. ఆ వరుస తప్పు తీవ్రతను బట్టి పెట్టింది కాదు. ఏ పరీక్ష అయినా ‘విశేషమేమీ లేదు’ అన్న అనుమానంతో మొదలవుతుంది. దీన్ని శూన్య పరికల్పన అంటారు. అలారం విషయంలో శూన్య పరికల్పన ‘ఇంట్లో ప్రమాదం లేదు’ అన్నది. కొత్త మందును పరీక్షించేటప్పుడు ‘ఈ మందుకు గుణం లేదు’ అన్నది. ఆ మాట నిజమై ఉండగా దాన్ని తోసిపుచ్చితే మొదటి రకం దోషం. ఆ మాట అబద్ధమై ఉండగా దాన్ని తోసిపుచ్చలేకపోతే రెండో రకం దోషం. మొదటి దోషం జరిగే అవకాశాన్ని ఆల్ఫా అనీ, రెండో దోషం జరిగే అవకాశాన్ని బీటా అనీ గ్రీకు అక్షరాలతో సూచిస్తారు.

ఈ రెండు దోషాలూ ఒకదాన్నొకటి ఎలా పట్టి లాగుతాయో తెలియాలంటే అలారంలో హద్దు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దగ్గరికి రావాలి. లోపలి రీడింగ్ ఒక అంకె దాటితే అలారం మోగుతుంది, దాటకపోతే మోగదు. లెక్క తేలికగా ఉండేందుకు కొన్ని ఊహా అంకెలు తీసుకోవచ్చు. ప్రమాదం లేని మామూలు వంటవేళల్లో రీడింగ్ సగటు 10 అనీ, అది అటూ ఇటూ ఊగే తీరుకు కొలత అయిన ప్రామాణిక విచలనం 4 అనీ అనుకుందాం. అంటే సుమారు మూడింట రెండు వంతుల రీడింగులు 6కూ 14కూ మధ్య పడతాయి. నిజంగా మంటలు అంటుకున్నప్పుడు సగటు 20, ఊగే తీరు మాత్రం అదే. ఇప్పుడు రీడింగ్ 16 అని వస్తే అది ఘాటైన పోపు కావచ్చు, ఇంకా పూర్తిగా రాజుకోని మంట కావచ్చు. రెండు గుంపుల రీడింగులూ మధ్యలో కలిసిపోయాయి. ఈ కలిసిపోయిన భాగమే రెండు దోషాలకూ పుట్టిల్లు. అది లేకపోతే హద్దు ఎక్కడ పెట్టాలన్న చర్చే ఉండదు.

హద్దును సరిగ్గా మధ్యలో, 15 దగ్గర పెడితే ప్రమాదం లేని 100 సందర్భాల్లో దాదాపు 11 సార్లు అలారం ఉత్తినే మోగుతుంది. ప్రమాదం ఉన్న 100 సందర్భాల్లోనూ దాదాపు 11 సార్లు మోగకుండా ఉండిపోతుంది. ఉత్తి మోతలు మరీ ఎక్కువయ్యాయని హద్దును 16.6కు జరిపితే అవి 100కు 5కు తగ్గుతాయి. అయితే మోగాల్సినప్పుడు మోగని సందర్భాలు 100కు 20కి పెరుగుతాయి. ఇంకా పట్టుబట్టి ఉత్తి మోతలు 100కు ఒకటే ఉండాలంటే హద్దు 19.3కు చేరాలి. అప్పుడు 100 ప్రమాదాల్లో 43 అలారం కళ్లుగప్పి పోతాయి. ఒక దోషంలో మిగిల్చుకున్నది మరో దోషంలో చెల్లించక తప్పలేదు, అదీ పెరిగిపోతున్న ధరకు. మొదటి దోషాన్ని 11 నుంచి 5కు తగ్గించినందుకు అదనంగా 9 ప్రమాదాలు తప్పిపోయాయి. 5 నుంచి 1కి దించినందుకు మరో 23 తప్పిపోయాయి.

నడుమ వచ్చిన 5, 20 అంకెలు శాస్త్ర పరిశోధనల్లో తరచూ కనిపించేవే. ఆల్ఫా 5 శాతం, బీటా 20 శాతం ఉండేలా ప్రయోగాలను రూపొందించడం చాలా రంగాల్లో ఆనవాయితీ. ఇరవైలో ఒకటి అన్న హద్దును రొనాల్డ్ ఫిషర్ 1925 నాటి తన పుస్తకంలో సౌకర్యం కోసం వాడారు. దాని వెనుక ప్రకృతి నియమమేదీ లేదు.

హద్దును జరపడం వల్ల రెండు దోషాలూ ఒకేసారి తగ్గవు. రెండూ తగ్గాలంటే ఆ రెండు గుంపుల రీడింగులు కలిసిపోయే భాగాన్నే కుదించాలి. అందుకు ఒక మార్గం ఎక్కువ కొలతలు తీసుకోవడం. ఒక్క రీడింగ్‌తో తీర్పు చెప్పకుండా నాలుగు రీడింగుల సగటు చూస్తే ప్రామాణిక విచలనం 4 నుంచి 2కు పడిపోతుంది. హద్దు 15 దగ్గరే ఉన్నా రెండు దోషాలూ చెరి 1000కి 6 దాకా దిగివస్తాయి. మందుల ప్రయోగాల్లో ఎక్కువమంది రోగులను చేర్చుకోవడం వెనుక ఉన్న లెక్క ఇదే. కానీ అలారానికి ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. నాలుగు రీడింగులు తీసేలోపు మంట ఎదుగుతుంది. పైగా వంటింటి పొగ ఒక్క క్షణంలో చెదిరిపోయేది కాదు. మొదటి రీడింగ్‌ను పెంచిన పోపు పొగే తర్వాతి మూడింటినీ పెంచుతుంది. కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటేనే సగటుకు ఆ బలం వస్తుంది కనుక, ఇక్కడ దక్కే లాభం లెక్కలో కనిపించినంత ఉండదు.

రెండో మార్గం పరికరాన్నే మార్చడం. కొన్ని అలారాల్లో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. అది రెండు పలకల మధ్య గాలిని అయాన్లుగా మార్చి సన్నని విద్యుత్తును నడిపిస్తుంది. పొగ కణాలు అయాన్లకు అంటుకుంటే ఆ విద్యుత్తు తగ్గుతుంది, అలారం మోగుతుంది. కంటికి కనిపించనంత సన్నని కణాలను కూడా ఇది త్వరగా పసిగడుతుంది. భగ్గున లేచే మంటలను ముందే పట్టేది, వేపుళ్లకు ఎక్కువగా మోగేది ఇదే. మరో రకంలో చీకటి గదిలోకి ఒక కాంతి కిరణం వెళ్తుంటుంది. పొగ కణాలు ఆ కాంతిని పక్కకు చెదరగొట్టి సెన్సర్ మీద పడేలా చేస్తాయి. పరుపులు, సోఫాలు మంట లేకుండా లోలోపల కాలేటప్పుడు వచ్చే కాస్త పెద్ద కణాలను ఇది ముందు గుర్తిస్తుంది. అమెరికాలో ఇళ్ల అలారాలకు వర్తించే యూఎల్ 217 ప్రమాణం కొత్త కూర్పులో రెండు దోషాలకూ పరీక్ష ఉంది. సోఫాల్లో వాడే ఫోమ్ మండినా, లోలోపల కాలినా అలారం మోగాలి. మాంసం ముక్కలను సెగ మీద కాల్చినప్పుడు వచ్చే పొగ నిర్దేశించిన స్థాయికి చేరేదాకా మోగకూడదు.

హద్దు ఎటు జరపాలన్నది ఏ దోషం ఖరీదైనదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉత్తి మోతకు ఖరీదు కాసేపటి చికాకు. మోగకపోతే పోయేది ప్రాణం. ఇంతవరకే చూస్తే హద్దును వీలైనంత కిందికి దించాలనిపిస్తుంది. కానీ నిజమైన మంటలు చాలా అరుదు. పొగ వచ్చే వంట 1000 సార్లు జరిగితే అందులో ఒక్కసారి ప్రమాదం జరిగిందనుకుందాం. ఆల్ఫా 5 శాతం ఉన్న అలారం మిగిలిన 999 సార్లలో దాదాపు 50 సార్లు ఉత్తినే మోగుతుంది. ఆ ఒక్క ప్రమాదాన్ని పట్టుకున్నా 51 మోతల్లో నిజమైనది ఒకటే. ఆల్ఫా 5 శాతం అంటే మోగినప్పుడల్లా 95 శాతం నిజమని కాదన్నమాట. చదువుకున్నవారు కూడా పొరబడే చోటు ఇది. ఆల్ఫా చెప్పేది ప్రమాదం లేనప్పుడు ఏం జరుగుతుందన్నది మాత్రమే. మోగినప్పుడు ప్రమాదం ఉందా అన్నది తేలాలంటే ప్రమాదాలు ఎంత అరుదో కూడా తెలియాలి.

యాభైసార్లు ఉత్తినే మోగిన అలారానికి బ్యాటరీ తీసేస్తారు. అమెరికాలో కనెక్షన్ తీసేసి ఉంచిన అలారాల వెనుక ప్రధాన కారణం ఈ ఉత్తి మోతలేనని అక్కడి అగ్నిమాపక నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. బ్యాటరీ లేని అలారం ఒక్కసారి కూడా తప్పుగా మోగదు, ఆల్ఫా సున్నా. బీటా మాత్రం నూటికి నూరు. ‘నాన్నా, పులి’ కథలో తండ్రి చేసిందీ ఇదే. మొదట్లో పులి లేకుండానే పరిగెత్తుకొచ్చిన తండ్రిది మొదటి రకం దోషం. పులి నిజంగా వచ్చిన రోజు రాకపోవడం రెండో రకం దోషం. మొదటి దోషం పదేపదే జరిగి రెండోదాన్ని కనిపెంచింది. కాబట్టి ఉత్తి మోత ఖరీదు చికాకుతో ఆగదు, తర్వాత జరగబోయే నిర్లక్ష్యాన్నీ అందులో కలపాలి. పొయ్యికి కనీసం పది అడుగుల దూరంలో అలారం బిగించమనడం, కాసేపు నోరు మూయించే బటన్ పెట్టడం ఈ లెక్క తెలిసి చేసిన ఏర్పాట్లే.

రెండు దోషాలకూ మరో తేడా ఉంది. హద్దు ఒకసారి పెట్టాక ఆల్ఫా ఒకే అంకె. బీటా అలా కాదు, మంట ఎంత పెద్దదన్న దాన్ని బట్టి మారుతుంది. పై లెక్కలో హద్దు 16.6 దగ్గర ఉన్నప్పుడు సగటు 20 ఉండే మంట 100కు 20 సార్లు తప్పించుకుంది. సగటు 26 ఉండే పెద్ద మంట తప్పించుకునేది 100కు ఒక్కసారే. సగటు 14 మాత్రమే ఉండే చిన్న రాజుడు ఏకంగా 74 సార్లు తప్పించుకుంటుంది. అందుకే అలారం మోగలేదంటే పెద్ద మంట లేదని దాదాపు నమ్మవచ్చు కానీ, ఏ మంటా లేదని అనుకోవడానికి వీల్లేదు.

కొద్దిమంది రోగులతో చేసిన ప్రయోగంలో కొత్త మందుకూ పాత మందుకూ ‘తేడా కనిపించలేదు’ అని తేలినప్పుడు దాన్ని ‘తేడా లేదు’ అని చదివేవారు ఈ సంగతే మరచిపోతారు. ఆ ప్రయోగం ఎంత తేడాను పట్టుకోగలదో ముందు అడగాలి. అందుకే మంచి ప్రయోగాల్లో రోగులను చేర్చుకోవడానికి ముందే, ఎంత చిన్న తేడా తప్పిపోతే నష్టమో రాసిపెట్టుకుని, ఆ తేడాకు బీటా 20 శాతం మించకుండా ఎంతమంది కావాలో లెక్కగడతారు.