శుద్ధికి లొంగని మాంసకృత్తు

క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి మెదడును స్పంజివలె తూట్లు పొడిచి చంపుతుంది. ఆ వ్యాధిగ్రస్తుని మెదడులో ఉంచిన ఎలక్ట్రోడులను జ్యూరిక్ వైద్యులు ఆల్కహాలుతోను, ఫార్మాల్డిహైడు ఆవిరితోను శుద్ధిచేసి ఇద్దరు యువ మూర్ఛరోగులకు వాడారు. ఇద్దరికీ అదే వ్యాధి సోకిందని 1977లో వెల్లడయింది. రెండేళ్ళకు పైగా గడిచాక అవే ఎలక్ట్రోడులను ఒక చింపాంజీ మెదడులో ఉంచగా అదీ వ్యాధి పాలయింది.

బాక్టీరియాకు, వైరసుకు న్యూక్లియిక్ ఆమ్లం ఆధారం. అది చెడితే అవి వృద్ధిచెందలేవు. ప్రియాన్‌కు అది లేనే లేదు. అది మన మెదడులో సహజంగా ఉండే మాంసకృత్తే, మడత మాత్రం తప్పింది. తనను తాకిన మంచి మాంసకృత్తునూ తనవలెనే మడిచివేస్తుంది. కనుక ప్రియాన్‌ను 'చంపుట' అనడం సరికాదని మా అభిప్రాయం. ప్రాణమే లేనిదానికి చావేమిటి? ఆ మడతను చెరపాలి. ఫార్మాల్డిహైడు చెరపకపోగా దానిని మరింత బిగిస్తుంది. లీటరు నీటికి 40 గ్రాముల కాస్టిక్ సోడా కలిపిన ద్రావణంలో గంటసేపు నానబెట్టి, కడిగి, 121 డిగ్రీల పీడన ఆవిరిలో మరో గంట ఉంచాలి. అంతటి క్షారానికి ఓర్వలేని పరికరాన్ని దహనం చేయడమే మేలు.