చార్టు వెనకున్న పట్టిక

ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల హాజరు, మార్కులు, ఫీజు బకాయిల లెక్కలతో పవర్ బీఐలో డాష్‌బోర్డు తయారుచేసుకుందనుకోండి. తెర మీద సెక్షన్ల వారీ సగటులే కనిపిస్తాయి. తల్లిదండ్రులకూ చూపిద్దామంటే ఒక్కొక్కరికీ లాగిన్ ఇవ్వాలి, లైసెన్సు ఖర్చు చూసుకోవాలి. అంతలో మెనూలో Publish to web (public) కంటపడుతుంది. నొక్కితే లింకు వచ్చేస్తుంది, అది వాట్సాప్ గ్రూపుకు వెళ్లిపోతుంది.

ఆ లింకుకు పాస్‌వర్డు ఉండదు. ఎవరి చేతికి చిక్కినా తెరుచుకుంటుంది. సగటులే కదా, చూస్తే పోయేదేముందని చాలామంది ధీమా. నన్ను కలవరపెట్టేది ఆ ధీమాయే.

ఎందుకంటే డాష్‌బోర్డు అచ్చువేసిన బొమ్మ కాదు. మీరు సెక్షన్ మార్చినప్పుడల్లా బ్రౌజరు సర్వరుకు ఒక ప్రశ్న పంపుతుంది, సర్వరు అప్పటికప్పుడు లెక్కకట్టి జవాబిస్తుంది. F12 నొక్కి Network విభాగం చూస్తే querydata పేరుతో ఆ ప్రశ్న కనబడుతుంది. విషయం తెలిసినవాళ్లు అందులో సగటు మార్కులకు బదులు మరో కాలమ్ పేరు పెట్టి పంపగలరు. వెనకున్న పట్టికలో విద్యార్థి పేరు, ఫోన్ నంబరు ఉంటే అవీ బయటికొస్తాయి. కాలమ్‌ను కనబడకుండా దాచినా లాభం లేదు, అది రిపోర్టు తయారుచేసేవారి సౌకర్యం కోసమే. సగటుల వెనకున్న వివరాలు కూడా చూడవచ్చని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తోంది.

ఈ కిటుకులేవీ తెలియకపోయినా ఒక్కోసారి గుట్టు బయటపడుతుంది. సెక్షన్, లింగం, వైకల్యం అని వరుసగా ఫిల్టర్లు వేసుకుంటూ పోతే చివరికి ఒక్క అమ్మాయే మిగలొచ్చు. అప్పుడు ఆ ‘సగటు’ ఆమె మార్కే, ఆ బకాయి ఆమె ఇంటిదే.

అందరికీ చూపాల్సినవి ఉంటే వాటికి వేరే ఫైలు చేయండి. డేటా తెచ్చుకునేటప్పుడే పవర్ క్వెరీలో Group By వాడి సెక్షన్ల వారీగా కూడేయండి, మరీ కొద్దిమందే ఉన్న గుంపులను తీసేయండి. పేర్లు ఆ ఫైల్లోకి రానేరాకూడదు. విద్యార్థి స్థాయి వివరాలు కావాల్సిన అధ్యాపకులకు లాగిన్‌తోనే ఇవ్వాలి. ఎవరి సెక్షన్ వరుసలు వారికే కనిపించేలా నియమం పెట్టవచ్చు, అయితే వర్క్‌స్పేస్‌లో వారికి Viewer హోదా మాత్రమే ఇవ్వాలి. మార్పులు చేసే హోదా ఇస్తే ఆ నియమం వర్తించదు. లాగిన్ ఉన్నా స్క్రీన్‌షాట్‌ను ఆపలేం, కాకపోతే తలుపు ఎవరెవరికి తెరిచామో మనకు తెలుస్తుంది.

ఇప్పటికే పంచిన లింకు ఏ రకమో తెలియాలంటే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. లాగిన్ అడగకుండా వస్తే, అడ్రసులో app.powerbi.com/view?r= అని ఉంటే అది బహిరంగమే. సెట్టింగ్స్‌లో Manage embed codes కి వెళ్లి ఆ కోడ్ తీసేస్తే లింకు పనిచేయదు. కొత్త లింకులు ఎవరూ పుట్టించకుండా సంస్థ అడ్మిన్ ఆ సదుపాయాన్నే ఆపేయవచ్చు.